మడమ వైపు కత్తెర

చెప్పుల షాపు సీనియర్ సేల్స్‌మన్‌కి కొనేవాళ్లంటే చులకన. చదును పాదాల వాళ్లంటే మరీను. "అవి పాదాలా, పీటలా?" అని వాళ్లు గుమ్మం దాటగానే వెక్కిరించేవాడు.

ఇరవై ఏళ్లు నిలబడి అమ్మాక తన పాదాలూ పీటలేనని తేలింది. సాయంత్రానికల్లా అరికాలి లోపలి వంపు సలుపుతోంది. షాపులోంచే ఇన్‌సోళ్లు, అంటే షూ లోపల పరిచే మెత్తలు, తీసుకుని, స్వహస్తాలతో కత్తిరించి షూలో వేసుకున్నాడు. నొప్పి రెట్టింపయింది.

ఫిజియోథెరపిస్టు అతన్ని మడమలెత్తి దించమంది. వేళ్లు ముడవకుండా, పాదం ముందుభాగాన్ని మడమ వైపు లాగి వంపు పైకి లేపమంది.

"కొన్ని వారాలు రోజూ చెయ్యాలండీ."

"ఈ పిల్లలాటలు నాకెందుకమ్మా? ఆ ఇన్‌సోళ్లే పనికిమాలినవి."

ఆమె షూలోంచి ఒకటి తీసి చూసి, నవ్వాపుకుంది. "కత్తిరించాల్సింది వేళ్ల వైపండీ. దీన్ని మడమ వైపు కోశారు. వంపు కింద ఉండాల్సిన ఎత్తు వెనక్కి జరిగి మడమని పొడుస్తోంది. ఏ మహానుభావుడి పనిది?"

"షాపువాళ్లదే, వెధవలు," అన్నాడు సీనియర్ గోడకేసి చూస్తూ. ఇరవై ఏళ్లుగా ఆ షాపులో కత్తెర పట్టింది అతనొక్కడే.

మర్నాడు షాపులో కొత్త ఇన్‌సోళ్ల జతని వేళ్ల వైపు కోసి వేసుకున్నాడు. మడమ పోటు తగ్గింది. అంతలో కొనుక్కెళ్లిన ఒక నర్సు కుంటుకుంటూ షాపుకొచ్చింది.

"మీరు కోసిచ్చిన ఇన్‌సోల్ మడమలో గుచ్చుకుంటోందండీ."

సీనియర్ ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఇన్‌సోల్‌కేం తల్లీ, భేషుగ్గా ఉంది. మీ కాళ్లే పీటలు. రోజూ కసరత్తు చెయ్యండి."