వద్దంటే నన్ను చూస్తారా?

ఆ సమ్మతి పత్రంలో నాలుగో పేరా అంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. మా ఆసుపత్రిలో రక్తపోటుకు కొత్త మాత్రను పరీక్షిస్తున్నాం. చేరేవాళ్లకు నష్టం, లాభం, తప్పుకునే హక్కు చెప్పాల్సింది ఆ పేరానే. మొత్తం ఒకటే వాక్యం. చివరికొచ్చేసరికి మొదలు గుర్తుండదు.

"నైతిక కమిటీ ఒప్పుకుంది. ఇంకేంటి నీ బాధ?" అనేవారు డాక్టరుగారు. పరీక్ష ఆయనది, దానికి అనుమతి ఆ కమిటీది. వచ్చినవాళ్లతో మాట్లాడి సంతకం తీసుకునే పని నాది.

మొదటగా వచ్చింది ఒక బస్సు డ్రైవరు. ఏళ్లుగా డాక్టరుగారి పేషెంటే. చదివి, నా పెన్ను అందుకున్నాడు. అర్థమైంది సొంత మాటల్లో చెప్పనిదే నేను సంతకం పెట్టనివ్వను.

"కొత్త మందిస్తారు, నా బీపీ తగ్గుతుంది. మధ్యలో మానేస్తే మాత్రం డాక్టరుగారు ఇక నన్ను చూడరు. అందుకే ఏమొచ్చినా ఓర్చుకుంటానమ్మా."

"కళ్లు తిరిగితే?"

"ఆ మాట ఎక్కడుంది?"

ఉంది, వాక్యం నడిమధ్యలో నక్కి. నాకు కోపమొచ్చింది, అతని మీద కాదు, ఆ పేరా మీద. పెన్ను వెనక్కి తీసుకుని, మళ్లీ పిలుస్తానని పంపేశాను.

ఆ వారమే పేరా తిరగరాశాను:

"మీరు వాడే మందులు అలాగే ఉంటాయి. వాటితో పాటు కొందరికి కొత్త మాత్ర, కొందరికి మందులేని మాత్ర ఇస్తాం. ఎవరికి ఏది వచ్చిందో మీకూ, మీ డాక్టరుకూ తెలియదు. కొత్త మాత్రతో కళ్లు తిరగవచ్చు, స్పృహ తప్పవచ్చు. మాకింకా తెలియని ఇబ్బందులూ రావచ్చు. మీకు ఏ మేలూ జరగకపోవచ్చు. చేరకపోయినా, చేరి ఎప్పుడు మానేసినా కారణం చెప్పనక్కర్లేదు. ఇక్కడ మీ మామూలు వైద్యం ఆగదు. మానేసేముందు మాకు చెబితే, ప్రమాదం లేకుండా ఎలా ఆపాలో చెబుతాం."

ఇంట్లో మా అత్తగారికి చదివి వినిపించాను.

"మేలు జరగకపోవచ్చని ముందే చెప్తే ఎవరొస్తారే?"

"తెలిసి వచ్చేవాళ్లే కావాలి అత్తయ్యా."

"అయితే నేను రాను," అందావిడ. పేరా బాగా కుదిరిందని నాకు ధైర్యం వచ్చింది.

డాక్టరుగారు సణుగుతూనే కమిటీకి పంపారు. మార్చిన పత్రానికి వాళ్ల అనుమతి వచ్చాకే డ్రైవరును పిలిచాను. చదివాడు. ఈసారి తడుముకోకుండా చెప్పాడు.

"మందు రావచ్చు, రాకపోవచ్చు. కళ్లు తిరగొచ్చు. నా వెనక బస్సునిండా జనముంటారు. నాకొద్దమ్మా."

సంతోషంగా సరేనన్నాను. డాక్టరుగారి గదిలోకి వెళ్లి సంగతి చెప్పాను.

"బోణీయే పోగొట్టావు కదమ్మా," అన్నారు.

"మనిషి ఎక్కడికీ పోలేదు సార్. బీపీ చూపించుకోవడానికి మీ గది బయటే కూర్చున్నాడు."

ఆయన బీపీ మిషను ముందుకు లాక్కున్నారు. అతన్ని లోపలికి రమ్మన్నారు. డ్రైవరు గడప దగ్గరే ఆగిపోయాడు.

"వద్దన్నాను కదా సార్. నన్ను చూస్తారా?"

డాక్టరుగారు నావైపు చూశారు. ఆ ముఖంలో విసుగు లేదు, కొంచెం సిగ్గుంది.

"ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఆ అనుమానం నీకెందుకొచ్చిందయ్యా," అంటూ కుర్చీని తన దగ్గరికి లాగి, అతన్ని కూర్చోబెట్టి, అతని చొక్కా చెయ్యి తనే పైకి మడిచారు.