మూడుసార్లకీ అర్థం కాకపోతే

మా అన్నయ్య కూతురు ట్యూటర్ల సైట్‌లో ప్రొఫైల్ పెట్టింది. ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా లెక్కలు చెబుతాననీ, తనకు చాలా ఓపికనీ రాసింది. ఫలితాల దగ్గర మాత్రం ఉన్నదే రాసింది: ఇప్పటిదాకా చెప్పింది ఒక్కడికే, వాడు ముప్పై రెండు మార్కుల నుంచి యాభై ఎనిమిదికి వచ్చాడు. నెల దాటినా ఒక్క తల్లీ తండ్రీ పలకరించలేదు. డెమో వీడియో పెడితే ఎవరైనా వస్తారేమోనని నన్ను శిష్యుడిగా కూర్చోబెట్టింది.

"బాబాయ్, మూడో వంతు పెద్దదా, నాలుగో వంతా?"

"మూడు కంటే నాలుగే కదమ్మా పెద్దది!"

కింది అంకె పెరిగితే విలువ తగ్గుతుందని మూడుసార్లు అదే మాట చెప్పింది. నా బుర్రకెక్కలేదు.

"అబ్బ, ఎన్నిసార్లు చెప్పాలి బాబాయ్!"

"చాలా ఓపికని రాశావుగా తల్లీ?"

నాలుక కరుచుకుని చాక్లెట్ తీసింది. "దీన్ని ముగ్గురం పంచుకుంటే నీకెక్కువొస్తుందా, నలుగురం పంచుకుంటేనా?"

"ముగ్గురమైతేనే. నాలుగోవాడెవడే మధ్యలో?"

తన విసుగుతో సహా వీడియో మొత్తం అలాగే పెట్టేసింది. ప్రొఫైల్‌లో 'చాలా ఓపిక' తీసేసి, 'మూడుసార్లకీ అర్థం కాకపోతే చెప్పే పద్ధతి మారుస్తాను' అని రాసింది.

మర్నాడు ఒక తల్లి మెసేజ్ పెట్టింది. "మా వాడికి కూడా నాలుగో వంతే పెద్దదండీ. ఎప్పట్నుంచి చెబుతారు?"