అవతలికి పోయే మాట

మా నెట్ సెంటర్‌లో అడుగుపెట్టిన ప్రతివాడూ ముందు అడిగే మాట ఒక్కటే, "అక్కా, నీది ఎన్ని ఎంబీ?" అని. కోడుమూరులో నెట్ అంటే ఎంబీలే. రెండు ఎంబీ ప్లాను అంటే సెకనుకు రెండు ఎంబీలు దిగిపోవాలని పోట్లాటకు వస్తారు. అవి మెగాబిట్లు నాయనా, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు, సెకనుకు రెండొందల యాభై కేబీ దిగితే నీకు రావాల్సింది వచ్చినట్టే అని ఎంతమందికి చెప్పను? చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఇప్పుడు, "శానా ఎంబీలు ఉండాయి, కూచో" అంటాను.

ఈ సెంటర్ పెట్టింది నా భర్త మురళి. కర్నూలు రోడ్డులో బండి మీద పోతూ లారీ కింద పడి చనిపోయాడు. ముందు గదిలో మా మామ కేశవయ్య కిరాణా కొట్టు, వెనక గదిలో నేనూ ఐదు కంప్యూటర్లూ. మురళి పోయినప్పటి నుంచి నాకు ఏడుపు రాలేదు. పద్మప్రియ గట్టి మనిషి అంటారు ఊళ్లో. గట్టీ లేదు, మట్టీ లేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఎట్లా ఉంటుందో నేను అట్లా ఉన్నాను. తింటున్నాను, తిడుతున్నాను, సాయంత్రం షట్టరు దించుతున్నాను.

అంజలి శుక్రవారం శుక్రవారం వచ్చేది. ఆమె మొగుడు ఈరేష్ కువైట్‌లో డ్రైవరు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు నెట్‌లో దొరుకుతాడు. పెళ్లయిన మూడో నెలలో పోయినవాడు మళ్లీ ఇటు మొహం చూపలేదు. ఇంట్లో సెల్లు ఉంది గాని అది అత్త కొంగున ఉంటుంది. కొడుకు ఫోన్ చేస్తే స్పీకరు పెట్టి అందరూ చుట్టూ కూర్చుంటారు. మొగుడితో సొంతంగా ఒక మాట అనుకోవాలంటే అంజలికి మా చివరి క్యాబినే దిక్కు.

ఆ శుక్రవారం హెడ్‌ఫోన్ తీసి బయటికి వచ్చి నా టేబులు దగ్గర నిలబడింది.

"అక్కా, ఈ పొద్దు గూడా నా మాట పోల్యా. ఆయప్పది నాకు బాగ ఇనపడతాండాది. నాది ఆడికి ముక్కలు ముక్కలుగా పోతాందంట."

"గట్టిగా మాట్లాడల్సింది."

"గొంతు పోయేట్టు అరిసినా." అంటూ స్టూలు మీద కూర్చుంది. "వాళ్ల సేటు అడుగుతాండాడంట, ఇంగ రెండేండ్లు ఉంటావా, ఇంటికి పోతావా అని. వచ్చే వారంలోగా చెప్పల్లంట. 'నువ్వు రమ్మంటే వస్తా, వద్దంటే ఉంటా, నోరు తెరిచి చెప్పు' అంటాండాడు. నేను రా అంటా. ఇనపల్యా అంటాడు. 'పోయిన వారం నువ్వే రావొద్దు అంటివి గదా' అన్యాడు."

"అన్నావా?"

"'రావొద్దని నేనెప్పుడంటి' అన్యా అక్కా పోయిన వారం. ఆడికి 'రావొద్దు' వరకే పోయింది."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. మన మాటలో అవునో కాదో చివరలోనే ఉంటుంది కదా, ఆ చివరే తెగిపోతే మిగిలినది తిరగబడి కూర్చుంటుంది. ఆ పిల్ల రెండేళ్ల బతుకు ఒక తోకమాట మీద వేలాడుతోంది, నేనేమో వచ్చిపోయినోళ్ల బిల్లు రాస్తూ కూర్చున్నాను.

ఆమె ముందే స్పీడు టెస్టు పేజీ తెరిచాను. ముల్లు గిర్రున తిరిగి ఒకటి పాయింటు ఎనభై నాలుగు దగ్గర ఆగింది. రెండు ఎంబీలకు అది మంచి లెక్కే.

"లైను బాగుంది. తప్పు మీ ఆయన దగ్గరే ఉంటుంది," అనేసి పేజీ మూసేశాను. అంజలి గంట డబ్బులు టేబులు మీద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు ఫోన్ల లైన్‌మన్ ప్రేమయ్య కొట్లో బెల్లం కొనుక్కోవడానికి వస్తే లోపలికి పిలిచి చూపించాను. ఆయనా నాలాగే మొదటి అంకె చూసి, "ఇంగేం కావల్లమ్మా, రాజాలాగా ఉండాది," అన్నాడు. మా ఇద్దరి తెలివీ ఆ అంకె దగ్గరే ఆగింది. అది డౌన్‌లోడు. బయటి నుంచి మన దగ్గరికి వచ్చేది. ఈరేష్ మాట అంజలి చెవిలో పడేది ఆ దారినే, అందుకే ఆయనది శుభ్రంగా వినపడుతోంది. అంజలి మాట పోవాల్సింది అప్‌లోడు దారిన. ఆ అంకె పక్కనే ఉంది, ఎవరూ చూడలేదు. సినిమాలు దించుకునే ఊళ్లో పంపించేదాని గోడు ఎవరికి పట్టింది?

ప్రేమయ్య పోయాక ఆ రెండో అంకె నా కంట పడింది, మిగతా కంప్యూటర్లన్నీ ఆపించాను. పక్కవాడు ఏదో దించుకుంటూ ఉంటే టెస్టులో వచ్చే అంకెకు అర్థం ఉండదు. మళ్లీ నడిపాను, ఈసారి చివరిదాకా చూశాను. డౌన్‌లోడు అదే. అప్‌లోడు సున్నా పాయింటు సున్నా ఐదు. అంటే యాభై కిలోబిట్లు, ఒక గొంతు పోవడానికే బొటాబొటి. పక్క కంప్యూటర్‌లో ఎవడైనా ఒక ఫోటో పంపాడంటే ఆ గొంతు వెనకబడాల్సిందే.

ఇంకో పేజీలో పింగు, జిట్టరు చూశాను. ఒక కంప్యూటర్‌లో ఫోటో పంపించడానికి పెట్టి మరీ నడిపాను, శుక్రవారం మా సెంటర్ ఎట్లా ఉంటుందో అట్లా. పింగు అంటే మనం పంపిన చిన్న పలకరింపు అవతలికి పోయి తిరిగి రావడానికి పట్టే సమయం. ఒకసారి డెబ్బై మిల్లీసెకన్లు, ఇంకోసారి నాలుగొందలు, మళ్లీ నూరు. ఆ ఎగుడుదిగుడే జిట్టరు. మూడొందలైనా సరే, ప్రతిసారీ మూడొందలే అయితే మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది గాని తెగదు. ఎప్పుడెంతో తెలియకపోతేనే చిక్కు. మాట చిన్న చిన్న ముక్కలై వరసగా పోతుంది, ఆ వరసలో ఆలస్యమైన ముక్కకోసం అవతలి కంప్యూటరు కొంచెం ఆగి చూస్తుంది, రాకపోతే వదిలేసి ముందుకు పోతుంది. అట్లా వదిలేసిన ముక్కల్లోనే అంజలి 'రా' పోయింది.

ఇక అప్‌లోడు ఎందుకు ఇంత చచ్చిందో చూడాలి. వైరు పట్టుకుని గోడ వెంట నడిచాను. లైను లోపలికి వచ్చాక ముందు చిన్న డబ్బా ఉండాలి. అది ఫోన్‌ను ఒక వైపు, నెట్‌ను ఇంకో వైపు విడదీస్తుంది. మా మామ ఏం చేశాడంటే, కొట్లో గల్లాపెట్టె దగ్గరికి ఇంకో ఫోన్ కావాలని ఆ డబ్బాకు ముందే వైరు కోసి ముడి వేయించాడు. ఫోన్ మాట కింది తరంగాల్లో పోతుంది, దాని పైనే అప్‌లోడు, ఇంకా పైన డౌన్‌లోడు. డబ్బా లేకుండా తగిలించిన ఫోన్ పక్కనున్న అప్‌లోడునే ముందు తొక్కేస్తుంది. పైనున్నది బాగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

"మామా, ఈ ఫోన్ తీసేస్తాండా."

"తీస్తే నాకు గిరాకీ ఫోన్లు ఎట్లొస్తాయమ్మా?"

"డబ్బాకు అవతల తగిలిస్తా, మీ ఫోన్ మీకే ఉంటాది."

"ఇన్నాళ్లూ బాగనే ఉన్యెది గదా."

"మీకు బాగుండాది మామా. పలికేవాళ్లకు బాగలేదు."

ఆయన నా మొహం చూసి గల్లాపెట్టె పక్కకు జరిపాడు. ముడి విప్పి, వైరును డబ్బాకు అవతల ఫోన్ వైపు తగిలించి, మోడెం ఆపి మళ్లీ పెట్టాను. అప్‌లోడు సున్నా పాయింటు నాలుగు నాలుగు. ఎనిమిదింతలకు పైనే పెరిగింది. పింగు అరవై, జిట్టరు నాలుగు. మ్యాపులో గల్ఫు వైపు సర్వరు ఎంచి అక్కడికీ చూశాను. పింగు రెండొందల అరవై, జిట్టరు ఆరు, మధ్యలో ఒక్క ముక్కా తప్పిపోలేదు. దూరానికి ఆ రెండొందల అరవై తప్పదు, అడిగినదానికి బదులు రావడం పావు సెకను ఆలస్యమవుతుంది, అంతే. సంతోషపడాలని తెలుసు. పడలేదు. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

శుక్రవారం అంజలి వచ్చింది. పని అయిందని చెప్పాను. మిగతా నలుగురినీ ఫోటోలు పంపడాలు ఆపమన్నాను. హెడ్‌ఫోన్ పెట్టబోతుంటే, "వద్దక్కా, స్పీకరు పెట్టు. నువ్వు గూడా ఇను, లైను ఎట్లుండాదో," అంది. మైకు ఆమె ముందుకు జరిపి, అదే తెర మీద ఒక మూల జిట్టరు పేజీ తెరిచి పెట్టాను.

"అంజలీ, ఇనపడతాందా?" ఈరేష్ గొంతు గది నిండా వచ్చింది.

"ఇనపడతాండాది. నాది ఇనపడతాందా నీకు?"

"ఇప్పుడు బాగ ఇనపడతాండాది మే. పక్కన కూచున్నట్టే ఉండాది. అమ్మ ఎట్లుంది?"

"బాగుండాది. మోకాలు నొప్పి అంటాండాది."

"కర్నూలులో సూపియ్యి. ఆ వెనక దగ్గేది ఎవరు?"

దగ్గింది మా మామ, ముందు గదిలో. గోడ అవతలి దగ్గు కూడా కువైట్‌దాకా పోయింది.

"కొట్లో పెద్దాయన," అంది అంజలి. ఊపిరి పీల్చుకుంది. "ఏమప్పా, నేను చెప్తాండా, ఇను. నువ్వు వచ్చెయ్యి. రెండేండ్లు వద్దు. ఇంటికి రా."

పావు సెకను గడిచింది. ఇంకా చాలా గడిచింది.

"ఏమన్యావ్? ఇనపల్యా."

నేను జిట్టరు పేజీ వైపు చూశాను. పక్కన నడుస్తూనే ఉంది. ఐదు, ఆరు, ఐదు.

"ఇంటికి రా అన్యా."

"లైను కట్ అయితాండాది. సరే గాని, చిన్నాయన కూతురు పెండ్లి యాడ?"

"అహోబిలంలో," అంది అంజలి మెల్లగా. గొంతులోనే అంది.

"అహోబిలమా, మంచిది. అమ్మను గూడా తీస్కపో."

అంత మెల్లగా అన్నది వినపడింది. అంజలి నా వైపు తిరిగింది. మొహంలో ఏమీ లేదు. నా మొహం అద్దంలో ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది.

"అక్కా, లైను బాగుండాదా?"

బాగాలేదని ఒక్క మాట అనొచ్చు. ఆ పిల్ల ఇంటికి పోయి ఇంకో వారం మా వైర్లను తిట్టుకుంటుంది. లేకపోతే వాడి దగ్గర నెట్ బాగాలేదేమో అనొచ్చు, కానీ మామ దగ్గు కూడా అందుకున్న నెట్‌కు ఆ నింద ఎట్లా వేయను? దవడలో మత్తు వదులుతున్నప్పుడు మొదట నొప్పి తెలిసేది ఒక చోటనే. నాకూ ఎక్కడో ఒక చోట తెలిసింది. అబద్ధం ఆడాలని శానా అనిపించింది.

"బాగుండాది అంజలీ. ఇంతకన్నా బాగుండదు," అన్నాను.

ఆమె తల ఊపింది. మైకు దగ్గరికి వంగింది, గొంతు పెంచలేదు.

"ఏమప్పా, లైను బాగుండాదంట. నీకు ఇనపడింది."

స్పీకర్లలో అతని గదిలోని ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఒక్కసారీ తెగకుండా వస్తూనే ఉంది.