నలుగురికి ఏడు సీట్లు

వంటగది అల్మరాలు చేసే మా వర్క్‌షాపులో డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేది నలుగురం: యజమానురాలు, ఆవిడ మరిది, కొలతలు తీసే మేస్త్రీ, నేను. ఒక్కొక్కరి లాగిన్‌ని సీటంటారు; మనిషికో సీటు చొప్పున నెలనెలా డబ్బు కడతాం. ఈసారి ఇన్‌వాయిస్ సరిగ్గా చూస్తే ఏడు సీట్లు కనపడ్డాయి.

"ఏడుగురెవరే? గోడలకున్న మేకులు కూడా డిజైన్లు గీస్తున్నాయా?" అని నవ్వింది మేడం. ఆ వెంటనే గొంతు తగ్గించింది. "సీట్లు కలిపేది మా మరిదొక్కడే కదూ?"

నేను తలూపాను. ఎదురువీధిలో పెట్టిన కొత్త షాపులో మా డిజైన్ లాంటి అల్మరా ఉందని ఆవిడకి ఎవరో చెప్పారు. మరిది ఈమధ్య ఫోనొస్తే బయటికెళ్ళి మాట్లాడుతున్నాడు. ఈ రెండూ ఆవిడ మనసులో అతుక్కుపోయాయి; ఎక్కువైన సీట్లు ఆ షాపువాళ్ళకే ఇచ్చాడేమోనని అనుమానం.

కంపెనీకి ఉత్తరం ఆవిడ చెబుతుంటే నేను టైపు చేశాను.

"అయ్యా, మా దగ్గర మీ సాఫ్ట్‌వేర్ వాడేది నలుగురమే. ఇన్‌వాయిస్‌లో ఏడు సీట్లు వేశారు. నాలుగుకి సరిచేసి మళ్ళీ పంపండి. ఆ ఏడూ ఏ పేర్లమీద ఉన్నాయో, ఎవరు తెరిచారో కూడా రాయండి."

చివరి వాక్యం రెండుసార్లు చదివించుకుంది. ఉత్తరం వెళ్ళాక మరిదిని పిలిచి, "వర్క్‌షాపు తాళాలు కొన్నాళ్ళు నా దగ్గరుంచు," అంది.

"ఎందుకొదినా?"

"ఊరికే."

అతను తాళాలగుత్తి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆపైన టీకి కూడా లోపలికి రాలేదు. ఆవిడ మాత్రం అద్దాల తలుపులోంచి అతన్నే చూస్తూ కూర్చునేది.

జవాబు వచ్చింది. సీట్లన్నీ మా అడ్మిన్ ఖాతా నుంచే తెరిచారట. వాడినా వాడకపోయినా తీసెయ్యనంతవరకూ లెక్కలోకే వస్తాయట. కింద పేర్లు: మేస్త్రీ, మరిది, నేను. ఆ తర్వాత "వదిన", "వదిన 2", "వదిన కొత్త", "వదిన మళ్ళీ కొత్త".

మేడం మరిదిని పిలిచింది. "ఏంటిది?"

"నువ్వు పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడల్లా ఒకటి పెట్టానొదినా."

"పాతదే మార్చివ్వొచ్చుగా!"

"మారిస్తే మెయిల్ నీకే వస్తుంది. మర్చిపోయావని అందులో చూస్తే, 'నాకు మతిమరుపా?' అని నామీదే ఎగురుతావు. కొత్తది పెట్టి, కంపెనీవాళ్ళు మార్చారని చెప్పేవాణ్ణి. మనిషికే డబ్బు, పేరుకి కాదనుకున్నా."

"మరి ఆ బయట ఫోన్లు?"

"లోపల రంపం మోతలో ఎవరికి వినపడుతుంది?"

ఆవిడ నాతో, "రాయి," అంది. "పొరపాటు మావైపే. వాడని మూడు సీట్లు తీసేస్తున్నాం. ఈ నెలలో వాటిని ఎవరూ వాడలేదు గనక, వీలుంటే తగ్గించండి."

తాళాలగుత్తి బల్లమీద అతని వైపుకి జరిపింది. అతను తీసుకోలేదు.

"ముందు ఇప్పటి పాస్‌వర్డ్ చెప్పొదినా."

ఆవిడ, నీకేమైనా గుర్తుందా అన్నట్టు నావైపు చూసింది. నేను కీబోర్డు వైపు చూశాను.