రెండూ నీ చెవుల్లోనే

నీమియా కొడుకు దెర్లిస్ పంపిన మెసేజీని అంగట్లో పైకి చదివిన పాపం నాది. నీమియా తన కళ్ళజోడు మీద తనే కూర్చుని విరగ్గొట్టుకుంది. పక్క కొట్టు సెఫెరీనాకు చూపు బాగానే ఉంటుంది కానీ చదువుతుంటే మధ్యలో సొంత అభిప్రాయాలు కలుపుతుంది. నేను వాళ్ళ ఎదురు వరసలో థర్మాస్ ఫ్లాస్కులకు తోలు తొడుగులు కుట్టి అమ్ముతాను. నా పేరు బ్లాసిదా. చదివే పని ఎలాగూ నాకే వచ్చింది.

ఆ ఇద్దరూ ఇరవై ఆరేళ్ళుగా పక్కపక్కనే కూర్చుని తెరెరె అనే మా చల్లటి పానీయం నీళ్ళలోకి మందాకులూ వేర్లూ దంచి అమ్ముతున్నారు. దెర్లిస్‌కు బాప్తిస్మమిచ్చినప్పుడు వాణ్ణి చేతుల్లో ఎత్తుకున్న జ్ఞానతల్లి సెఫెరీనాయే. అప్పట్నుంచి ఆడవాళ్ళిద్దరూ ఒకరికొకరు వదినలు, వాడికి ఆవిడ పెద్దమ్మ. వాడు స్పెయిన్‌లో నేలకు పలకలు పరిచే పని చేస్తాడు. వారానికోసారి వీడియో కాల్ చేస్తాడు. రెండు రోళ్ళ మోతలో, వెనకాల బస్సుల హారన్లలో వాడి మాట వినపడాలంటే ఫోను గొంతు పూర్తిగా పెంచాలి. అంచేత వాడి కాల్ తల్లికొక్కదానికే కాదు, మా వరసంతటికీ వచ్చేది. వాడు ఏం తిన్నాడో, మేస్త్రీ వాణ్ణి ఏమని తిట్టాడో మాకందరికీ కంఠతా వచ్చు.

అసలు సంగతి మీకు ముందే చెప్పేస్తాను, మేం మాత్రం చాలా ఆలస్యంగా తెలుసుకున్నాం. రెండేళ్ళ కిందట, అక్కడే వాడితో ఉంటున్న భార్య ఫబియోలా నెల తప్పింది. రెండో నెలలోనే వాడు ఆనందం పట్టలేక ఫోనులో చెప్పేశాడు. మధ్యాహ్నానికల్లా సెఫెరీనా అంగడంతా టముకు వేసింది. కర్రపెండలం అమ్మే ఎలాదియో పేర్లు కూడా ఆలోచించాడు, నేను చిన్న ఉన్నిటోపీ అల్లాను. మూడో నెలలో ఆ కడుపు నిలవలేదు. ఆ తర్వాత ఫబియోలా తల్లి కూరలకు వచ్చినప్పుడల్లా ఒక్కో కొట్టు దగ్గరా "ఎన్నో నెలమ్మా?" అని అడిగాం. ఆవిడ ప్రతి కొట్టు దగ్గరా నిలబడి ఆ మాట మళ్ళీ మొదట్నుంచి చెప్పాల్సొచ్చింది. చివరికి వేరే అంగడికి వెళ్ళడం మొదలుపెట్టింది. మాకు సిగ్గేసింది, కానీ సిగ్గుపడితే నోళ్ళు మారతాయా?

ఇప్పుడు ఫబియోలా మళ్ళీ కడుపుతో ఉంది. వాడు ఈసారి తల్లికొక్కదానికే చెప్పాలనుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా, ఊరికి వస్తున్న తోటి పనివాడి పిన్నిచేత చెవుల్లో పెట్టుకునే ఇయర్‌బడ్స్ పంపించాడు. వెనకే మెసేజీ వచ్చింది. కాల్ పదింటికి, అంటే వాళ్ళు దంచడం ఆపి అందరం తెరెరె తాగే వేళకు.

"ఒకటి," అని చదివాను. "అమ్మా, డబ్బీలోంచి రెండు బడ్స్ బయటికి తియ్యి. ఒక్కోదాని కింద చిన్న ప్లాస్టిక్ బిళ్ళ అంటించి ఉంటుంది. పీకెయ్యి. మళ్ళీ డబ్బీలో పెట్టి ఓ గంట ఛార్జింగు పెట్టు."

నీమియా పొద్దున్నే ఛార్జింగు పెట్టానంది. బిళ్ళ సంగతి ఎవరం పట్టించుకోలేదు. రెండోది: మూత తెరిచి, బడ్స్ లోపలే ఉంచి, డబ్బీ వెనకున్న బొత్తాన్ని తెల్లదీపం మిణుకుమిణుకుమనేదాకా నొక్కి పట్టుకోవాలి. నొక్కాం. దీపం మిణుకుమంది. మూడోది: ఫోనులో సెట్టింగుల్లోకి వెళ్ళి బ్లూటూత్ ఆన్ చేసి, జాబితాలో "లూనా మూడు" అనే పేరును నొక్కాలి. జాబితా తెరిచాం. అందులో మాంసం కొట్టువాడి స్పీకరుంది, ఎవరిదో టీవీ ఉంది, లూనా మాత్రం లేదు.

స్పీకరునే నొక్కుదామని, ఏదో ఒకటి దొరికింది కదా అని సెఫెరీనా వేలు చాపింది. ఆ వేలు మీద ఒకటి వేశాను. దాన్ని కలిపితే దెర్లిస్ గొంతు మాంసం కొట్టులోంచి, గొడ్డు పక్కటెముకల మధ్యనుంచి వస్తుంది. ఎలాదియో వచ్చి డబ్బీ దులిపి చూశాడు. వాడికి ఏ వస్తువైనా దులిపితే బాగవుతుందని నమ్మకం. పదికి పది నిమిషాలే ఉంది. నీమియా ముఖం చిన్నబోయింది. కొడుకు డబ్బు పెట్టి పంపింది తన చేతకానితనంవల్ల పాడైందని అనుకుంటోంది పిచ్చితల్లి.

మెసేజీ మళ్ళీ మొదట్నుంచి చదివాను. బిళ్ళ దగ్గరికి రాగానే ఆగి, ఒక బడ్డును తిరగేసి చూశాను. ఇత్తడి చుక్కల మీద పల్చటి బిళ్ళ అలాగే ఉంది. దానివల్ల డబ్బీకీ బడ్డుకీ అసలు తగలడమే లేదు. ఇంతసేపూ ఛార్జయింది ఒట్టి డబ్బీ మాత్రమే! గోరుతో రెండూ పీకి లోపల పెట్టి మూత వేశాను. అయిదు నిమిషాలు కాచుకుని మూత తెరిచి బొత్తాం నొక్కితే, జాబితాలో లూనా మూడు ప్రత్యక్షమైంది. నొక్కాం, జతచేయమంటావా అని ఫోను అడిగింది, చేయమన్నాం. నీమియా నన్ను ముద్దుపెట్టుకుంది. సెఫెరీనా తన వేలు ఇంకా మండుతోందని గుర్తుచేసింది.

"నాలుగు," అని చదివాను. "ఎల్ అని ఉన్నది ఎడమ చెవికి, ఆర్ అని ఉన్నది కుడిచెవికి. కొంచెం తిప్పుతూ పెట్టుకో. రెండూ నీ చెవుల్లోనే పెట్టుకో. అయిదు: కాల్ వచ్చాక గొంతు ఫోనులోంచే వస్తుంటే, తెర మీద స్పీకరు బొమ్మ నొక్కి లూనా అన్నది ఎంచుకో."

రెండూ నీ చెవుల్లోనే. ఈ మాట నేను గట్టిగానే చదివాను. విన్నవాళ్ళెవరికీ అర్థం కాలేదు, చదివిన నాకూ కాలేదు. ఎలా అవుతుంది? మా దగ్గర తెరెరె తాగడానికి ఒకటే కొమ్ము కప్పు, ఒకటే గొట్టం ఉంటాయి. కూర్చున్నవాళ్ళంతా అదే గొట్టంతో వరసగా తాగుతారు. కప్పు తన దగ్గరే అట్టిపెట్టుకున్నవాణ్ణి మేం మనిషికింద లెక్కెయ్యం. అలాంటిది, చెవిలో పెట్టుకునేవి రెండుంటే, పక్కన వదిన కూర్చుని ఉంటే, రెండూ తనే పెట్టుకోవడానికి నీమియాకు చెయ్యెలా వస్తుంది? ఎడమది తను పెట్టుకుని, కుడిదాన్ని కొంగుకు తుడిచి సెఫెరీనాకు ఇచ్చింది. సెఫెరీనా కూడా అది తనకు రావలసినదే అన్నట్టు తీసుకుంది.

ఫోనును రోలుకు ఆనించారు. నీమియా ఎదురుగా కూర్చుంది, సెఫెరీనా పక్కగా తన పీట మీదే ఉంది, ఫోనుకు కనపడదు. నీమియా తలకు గుడ్డ కట్టుకుని ఉంటుంది కనుక చెవులు వాడికి కనపడవు. కాల్ వచ్చింది. స్పీకరు బొమ్మ నొక్కి లూనాను ఎంచాను. అంతే, వాడి గొంతు మా వరసనుంచి మాయమైపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. మమ్మల్నందర్నీ ఇంట్లోంచి బయటికి గెంటేసినట్టయింది. నేను అలిగి నా కొట్టుకు వెళ్ళి తోలు కుట్టుకున్నాను.

ఆ చెవుల్లో ఏం జరిగిందో నీమియా తర్వాత చెప్పింది. పెట్టుకున్నావా అమ్మా అని వాడడిగాడు, పెట్టుకున్నానంది. హమ్మయ్య అని, ఆవిడ మరో మాట అనేలోగానే వాడు కట్ట తెగినట్టు చెప్పుకుపోయాడట. ఫబియోలాకు తొమ్మిదో వారం, డాక్టరు గుండె చప్పుడు వినిపించింది, ఫబియోలా రాత్రిళ్ళు భయంతో నిద్రపోవడం లేదు.

"అమ్మా, నువ్వు తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా పెద్దమ్మకి. పెద్దమ్మంటే నాకు ప్రాణం. కానీ ఆవిడ నోటికి మూత లేదమ్మా. పోయినసారి ఫబియోలావాళ్ళమ్మ ఎన్నిసార్లు ఏడ్చిందో నీకు తెలుసు కదా. నాకు ఒట్టెయ్యి."

నీమియా తల తిప్పలేదు, కళ్ళు మాత్రం తిప్పింది. సెఫెరీనా ఒక చెయ్యి చెవి మీద పెట్టుకుని నేలను చూస్తోంది. పక్కన వదిన వింటోందని ఇప్పుడు చెబితే వాడు ఆ దూరదేశంలో కుప్పకూలతాడు. చెప్పకపోతే, వదినకు చెప్పనని వదిన ఎదురుగానే ఒట్టెయ్యాలి. నీమియా మేం కొలిచే కాకుపే మాత పేరున ఒట్టేసింది. ఫోనుకు కనపడని చోట సెఫెరీనా కూడా వేళ్ళు ముద్దుపెట్టుకుని గుండెల మీద సిలువ గీసుకుంది. అప్పుడు నీమియా కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

ఆ నీళ్ళే మేం చూసింది. కాల్ అవగానే కప్పు పట్టుకుని అందరం చుట్టూ చేరాం. ఎందుకేడ్చావని, పిల్లాడికి ఏమైందని, ఉద్యోగం పోయిందా అని తలో ప్రశ్న వేశాం. ఎలాదియో అయితే ఫబియోలా బాగానే ఉందా అని సూటిగా అడిగేశాడు. నీమియా నోరు తెరిచింది. ఆవిడకు అబద్ధం రాదు.

సెఫెరీనా రోకలి అందుకుంది.

"ఏముంది, నన్ను తిట్టాడు," అంది. "మా పెద్దమ్మ నోటికి మూత లేదు, దానివల్ల నా పెళ్ళాం పరువూ మా అత్త పరువూ పోయింది అని అరగంట దులిపాడు. పాపం, నా తరఫున ఈవిడ ఏడ్చింది."

అంగడి పగలబడి నవ్వింది. ఇంత రుచిగా ఉన్న వార్త మాకు ఏడాదిగా దొరకలేదు. సెఫెరీనా నోటికి మూతలేదని మేం ఎన్నేళ్ళుగానో అంటున్నాం, ఇప్పుడు సముద్రాల అవతల్నుంచి ముద్ర పడింది! ఇక దెర్లిస్ ఊసు ఎవరెత్తారు? ఎలాదియో మర్నాడు ఒక పాత కుండ మూత తెచ్చి ఆవిడ కొట్టు ముందు పెట్టాడు. నేను ఆవిడ నోటి కొలత తీసుకుంటానని తోలు పట్టుకుని వెళ్ళాను. సెఫెరీనా ఒక్కరికీ ఎదురు చెప్పలేదు. మేం నవ్విన ప్రతిసారీ రోకలి కొంచెం గట్టిగా దంచింది. ఆవిడకు నిజంగానే తగిలిందనుకున్నాను.

మూడు నెలలు గడిచాయి. ఒక పదింటికి దెర్లిస్ ఫోను చేసి, చెవుల్లోవి తీసెయ్యమ్మా, అందరికీ వినపడేలా పెట్టు అన్నాడట. పెట్టింది. ఫబియోలాకు ఆరో నెల దగ్గరపడిందని, అంతా బాగుందని, ఆడపిల్ల అని వరసంతా విన్నాం. ఎలాదియో పెండలం బుట్ట తన్నేశాడు. ఆ గోలలో వాడు, పెద్దమ్మని పిలువు, ఇంతకాలం దాచినందుకు తిట్టించుకుంటా అన్నాడు.

నీమియా ఇక ఆగలేకపోయింది. "తనకి మొదటి రోజే తెలుసురా. రెండోది తన చెవిలోనే ఉంది."

తెర మీద వాడి ముఖం కదలడం మానేసింది. సిగ్నలు పోయిందనుకున్నాం, పోలేదు. ఆ మూడు నెలల్లో ఎవరెవరం ఏమేమన్నామో ఒక్కొక్కటే గుర్తొస్తోంది. ఎలాదియో మెల్లగా టోపీ తీశాడు.

"పెద్దమ్మా," అన్నాడు దెర్లిస్. "నేనన్నదంతా విన్నావా?"

సెఫెరీనా చేతులకంటిన పుదీనా తుడుచుకుని, ఫోనును రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది.

"నాకేం వినపళ్ళేదురా కన్నా. మీ అమ్మ ఇచ్చింది సరిగ్గా పన్చెయ్యలేదు. ఏదీ, మొదట్నుంచి చెప్పు, వింటాను."

వాడు కళ్ళు తుడుచుకుని, తొమ్మిదో వారం దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.