లైను ముందా, గది ముందా

మేడగది కిటికీ తెరిస్తే కరెంటు తీగలు చేతికందేంత దగ్గరగా ఉంటాయి. చంటిది గోడ పట్టుకుని నిలబడటం నేర్చిన దగ్గర్నుంచి కోడలి గుండె గుప్పిట్లోనే ఉంది. కిటికీ తెరుచుకోకుండా మేకులు కొట్టించి, తీగలు జరపమని కరెంటు ఆఫీసుకు అర్జీ రాసింది. మీటరు అత్తగారి పేరున ఉంది కాబట్టి సంతకం ఆవిడే పెట్టాలి.

అత్తగారు చదివి కళ్లజోడు తీసింది. "తీగలు మనింటి మీదకొచ్చాయని రాశావేంటే? మన గదే కదా వాటి దగ్గరికెళ్లింది!"

"అలా రాస్తే ఖర్చు మనదే అంటారత్తయ్యా."

"అననీ. స్తంభం తుప్పు పట్టింది, మన గోడకింకా రంగు వెలవలేదు. వచ్చినవాళ్లకి కళ్లుండవా?"

కోడలు గొణుక్కుంటూనే తిరగరాసింది.

వారంలో ఇంజనీరు వచ్చి మేడెక్కి చూశాడు. "లైను ముందా, గది ముందా?"

"లైనే ముందు బాబూ. కొత్త కోడలికి గాలీ వెలుతురూ ఉండాలని మా ఆయన హడావుడిగా కట్టించాడు. పైకి చూసుకోలేదు పిచ్చి మారాజు."

ఆ గది తన కోసమే కట్టించారని కోడలికి ఇప్పటిదాకా తెలీదు. కనుమూసిన మామగారి కోసం కళ్లు చెమర్చాయి.

"ఖర్చు మీదేనమ్మా, ఎస్టిమేట్ పంపిస్తాం," అన్నాడు ఇంజనీరు. "ఈ తీగలు తీసేసి, తొడుగున్న కేబుల్ వీధివైపుగా లాగుతాం. అందాకా ఈ గదిలో ఉండకండి."

సాయంత్రం అత్తగారు తన చాప చుట్టబోయింది. "మీరు నా గదిలో పడుకోండి. నేను వసారాలో సర్దుకుంటా."

కోడలు చాప లాక్కుంది. "పిల్ల మనిద్దరి మధ్యన పడుకుంటుంది. వసారాలోకి మీ అబ్బాయిని పంపుదాం, గురకైనా తప్పుతుంది."