వెంకటనరసమ్మగారి మాట

ఏలూరు తంగెళ్ళమూడిలో ఫర్జానా ఆడవాళ్ళకు స్కూటీ నేర్పుతుంది. భర్త షఫీ మెకానిక్. బళ్ళు ఆయన చూసుకుంటాడు, పాఠాలు ఈమె చూసుకుంటుంది. ఎల్‌ఎల్‌ఆర్ లైసెన్సు వచ్చాకే బండి చేతికిస్తుందనీ, మనిషి భయపడుతుంటే కసరదనీ ఊళ్ళో పేరుంది. ఆ పేరు ఏలూరు దాటి పెద్దగా వెళ్ళలేదు.

తాడేపల్లిగూడెంలో కుట్టు శిక్షణ కేంద్రం నడిపే ప్రసన్న, ఆ ఏడు వానలు మొదలయ్యాక ఆమెకు ఫోన్ చేసింది. కేంద్రం వెనక ఖాళీ స్థలం ఉంది, అక్కడికి వచ్చి నేర్పితే బాగుంటుందంది. చిక్కు ఒక్కటే. కుట్టు నేర్చుకునే వాళ్ళలో చాలామంది నడివయసు దాటినవాళ్ళు. ఈ వయసులో బండి నేర్చుకుని ఎక్కడ పడతామోనని వెనకాడుతున్నారు. ఇంట్లోవాళ్ళు అంతకన్నా వెనకాడుతున్నారు.

"మీరు చెప్తే నమ్మరండీ. నేను చెప్పినా నమ్మరు. నేర్చుకున్న మనిషి చెప్తే నమ్ముతారు. అలాంటిది ఏదైనా ఉంటే పంపండి, బోర్డు మీద అంటిస్తాను," అంది ప్రసన్న.

ఆ సాయంత్రమే ఫర్జానా తన దగ్గర నేర్చుకున్నవాళ్ళందరికీ వాట్సాప్‌లో ఒకే మెసేజ్ పెట్టింది. మా శిక్షణపై మీ విలువైన అభిప్రాయాన్ని రాసి పంపగలరు, అని. మరుసటి రోజుకి దణ్ణం పెట్టే బొమ్మలు వచ్చాయి, బొటనవేళ్ళు వచ్చాయి. ఒకావిడ 'సూపర్ మేడమ్' అని రాసింది. బోర్డు మీద అంటించడానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

అప్పుడు ఆమెకు వెంకటనరసమ్మ గుర్తొచ్చింది. ఉంగుటూరు రైతు కుటుంబం, యాభై దాటిన మనిషి. వరిచేను కాలువ గట్టు వెంబడి చాలా దూరంలో ఉంటుంది. భర్త భీమశంకరానికి మోకాళ్ళ నొప్పులొచ్చి మోటారుసైకిల్ మానేశాక, రోజూ ఆటో కోసం ఎదురుచూడలేక, బస్సెక్కి ఏలూరు వచ్చి మరీ నేర్చుకుంది. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఫోన్ చేసి, నీ పుణ్యమా అని నా కాళ్ళు నాకొచ్చాయమ్మా అంటుంది.

ఫర్జానా ఆమెకు ఫోన్ చేసి, మా గురించి నాలుగు మంచి మాటలు చెబుతూ వీడియో తీసి పంపండి అని అడిగింది. అలాగేలే అమ్మా అంది వెంకటనరసమ్మ. వీడియో రాలేదు. వారం పోయాక గుర్తుచేస్తే, పనుల్లో ఉన్నానంది. గొంతులో మునుపటి చనువు లేదు. ఆ తరవాత ఫర్జానా ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఫర్జానా నొచ్చుకుంది. ఎదురుగా పొగడటం వేరు, నలుగురిలో చెప్పటం వేరు కాబోలనుకుంది. షఫీతో అంటే, పోనీలే, బలవంతం చేయకు అన్నాడు.

ఆ రోజుల్లోనే ఆమె పంటి నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళింది. వైద్యం బాగానే జరిగింది. బయటికొస్తుంటే కౌంటరులోని అమ్మాయి ట్యాబ్ చేతికిచ్చి, మా హాస్పిటల్ గురించి రెండు మాటలు రాయండి మేడమ్ అంది. ఖాళీ గడి. ఫర్జానా దాన్ని చూస్తూ నిలబడింది. ఏం రాయాలి? ఎంత రాయాలి? ఎవరు చూస్తారు? వెనక జనం ఉన్నారు. ఇంటికెళ్ళి రాస్తానండీ అని ట్యాబ్ తిరిగిచ్చేసింది. రాయదని ఇద్దరికీ తెలుసు. డాక్టరు మీద ఆమెకు ఏ ఫిర్యాదూ లేదు.

ఆటోలో ఇంటికి వస్తూ వెంకటనరసమ్మ గురించి ఆలోచించింది. తాను ఆమెకు ఇచ్చింది కూడా ఖాళీ గడే. పైగా మొహం చూపించమంది. దేనికో, ఎవరు చూస్తారో చెప్పనే లేదు.

మళ్ళీ ఫోన్ చేయలేదు. కొన్నాళ్ళకు వెంకటనరసమ్మే చేసింది. భీమశంకరాన్ని వెనక ఎక్కించుకుని తాడేపల్లిగూడెం ఆసుపత్రికి తీసుకెళ్ళి, చూపించుకుని, వానలోనే తిరిగొచ్చిందట. ఇల్లు చేరేదాకా మీ బాబాయిగారు నోరు మెదపలేదు, దిగాక మాత్రం బానే తోలావే అన్నారు, అని చెప్పి నవ్వింది.

ఫర్జానా ఆ కబురంతా తీరిగ్గా విన్నది. తరవాత అడిగింది.

"పిన్నిగారూ, ఒకటి అడుగుతానండీ. వద్దంటే వద్దనండి, నేనేమీ అనుకోను. గూడెంలో మీ వయసు ఆడవాళ్ళు కొందరు బండంటే భయపడుతున్నారు. మీ మాట వాళ్ళకి చూపించాలని. కుట్టు కేంద్రం బోర్డు మీద, వాళ్ళ వాట్సాప్ గ్రూపులో, అంతే. ఇంకెక్కడా పెట్టను. వీడియో వద్దు, మీరేమీ రాయనక్కర్లేదు. నేను మూడు సంగతులు అడుగుతాను, ఇప్పుడు నాతో మాట్లాడినట్టే చెప్పండి. నేను రాసుకుని మీకు చదివి వినిపిస్తాను. మీకు నచ్చనిది తీసేస్తాను. పేరు పెట్టాలో వద్దో మీ ఇష్టం."

వెంకటనరసమ్మ అప్పుడు అసలు సంగతి చెప్పింది.

"వీడియో అన్నావని ఆగానమ్మా. ముందు పళ్ళు రెండు ఊడాయి కదా. చూసినవాళ్ళు నవ్వుతారని. నీకు ఆ మాట చెప్పటానికీ సిగ్గేసింది. ఇప్పుడే అడుగు, పొయ్యి మీద ఏమీ లేదు."

నేర్చుకోకముందు ఎలా ఉండేది, నేర్చుకునేటప్పుడు ఏం జరిగింది, ఇప్పుడు ఏం మారింది? ఫర్జానా అడిగినవి అవే. వెంకటనరసమ్మ ఆగకుండా చెప్పింది. మర్నాడు మధ్యాహ్నం ఫర్జానా రాసింది చదివి వినిపించింది. మాటలు చాలావరకు ఆమెవే.

"ఆయన భయపడ్డారన్న ముక్క తీసెయ్యి. ఊళ్ళో ఆయన్ని ఆటపట్టిస్తారు," అంది వెంకటనరసమ్మ. "మరి నేను పడ్డ సంగతేదీ? నేర్చుకునేటప్పుడు పంటకాలువలో పడ్డానని చెప్పానుగా."

"అది చూస్తే ఇంకా భయపడతారేమోనండీ."

"పడ్డానని చెప్తేనే మిగతాది నమ్ముతారు. పడకుండా ఎవరికొచ్చిందమ్మా? మోచెయ్యి గీరుకుందనీ, పక్కరోజు నువ్వు మళ్ళీ ఎక్కించావనీ రాయి."

ఫర్జానా రాసింది. మళ్ళీ చదివింది. పేరు, ఊరు పెట్టమంది వెంకటనరసమ్మ. ఫొటో, ఫోన్ నంబరు వద్దంది. సరిచేసిన కాగితాన్ని ఫర్జానా ఆమెకు పంపి, సరే అన్న తరవాతే ప్రసన్నకు పంపింది.

బోర్డు దగ్గర ఆడవాళ్ళు ఆగి చదివారు. స్టెల్లా అనే ఆవిడ ప్రసన్నను ఒకటే అడిగిందట: కాలువలో పడ్డాక కూడా ఆవిడ మళ్ళీ బండెక్కిందా? ఎక్కిందని చెప్తే, అయితే నా పేరు రాసుకోండి అంది. ఆవిడ వెనకే మరికొందరు. బ్యాచ్ మొదలైంది. ఏలూరు నుంచి ఫర్జానా పొద్దున్నే రైల్లో వెళ్ళేది.

కొత్త బ్యాచ్ సంగతి నలుగురికీ తెలియాలని ప్రసన్న వెంకటనరసమ్మ మాటల్ని ఫేస్‌బుక్‌లో పెడదామంది. పేరు, ఊరు ఉంటే ఇంకా నమ్ముతారంది.

"ఆవిడ బోర్డుకీ గ్రూపుకీ ఒప్పుకున్నారండీ. అడిగి చెప్తాను," అంది ఫర్జానా.

అడిగితే వెంకటనరసమ్మ వద్దంది. బంధువులంతా అందులోనే ఉన్నారు, లేనిపోని మాటలు వస్తాయంది. సరేనండీ అంది ఫర్జానా. ఆ తరవాత ఇద్దరూ వరి ఊడ్పుల గురించీ, భీమశంకరం మోకాళ్ళ గురించీ చాలాసేపు మాట్లాడుకున్నారు.